అందానికి జీతంలో ఎంత వాటా? లెక్కగట్టే పద్ధతి, అది పనిచేసే ఉద్యోగాలు

ప్రశ్న: నెల్లూరులో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అందంగా ఉన్నవాళ్ళకి జీతం ఎక్కువ వస్తుందా అన్నది ప్రాజెక్టుగా తీసుకున్నా. ట్రంకు రోడ్డు, చిన్న బజారు వైపు ఆరు బట్టల షోరూముల్లో 60 మంది సేల్స్ అమ్మాయిల్ని అడగడానికి ఒప్పుకున్నారు. అందాన్ని అంకెల్లోకి ఎలా మార్చాలి? ఏ ఉద్యోగాల్లో దీని ప్రభావం ఎక్కువ? మేకప్‌కి పెట్టిన డబ్బు జీతంగా తిరిగొస్తుందా అని వాళ్ళే నన్ను అడుగుతున్నారు, దానికేం చెప్పాలి?

జవాబు:

ఈ లెక్కకు పునాది వేసింది డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్. 1994లో వచ్చిన వాళ్ళ పేపర్‌లో వాడిన సమీకరణం మీరు క్లాసులో చదివిన మామూలు వేతన సమీకరణమే. దానికి రెండు డమ్మీలు తగిలించారు.

```
ln(W) = a + b1*S + b2*X + b3*X^2 + c1*H + c2*L + e
```

W గంట వేతనం, S చదివిన ఏళ్ళు, X అనుభవం. అందం సగటు కంటే ఎక్కువైతే H విలువ 1, తక్కువైతే L విలువ 1. మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి రెండూ సున్నా. c1 అందానికి దక్కే అదనం, c2 అందం లేకపోవడానికి పడే కోత. ఈ రెంటినీ విడిగా ఉంచడం ముఖ్యం, ఎందుకంటే రెండూ ఒకే పరిమాణంలో ఉండాలన్న నియమం లేదు. వాళ్ళ ఫలితంలో మగవాళ్ళకి అదనం సుమారు 5 శాతం, కోత సుమారు 9 శాతం. ఆడవాళ్ళకి అదనం 4 శాతం, కోత 5 శాతం దగ్గర. ఆడవాళ్ళకే ఎక్కువ ఉంటుందని అందరూ అనుకుంటారు కానీ, ఉద్యోగంలో ఉన్నవాళ్ళ జీతాల వరకు చూస్తే మగవాళ్ళ మీద ప్రభావం తక్కువేమీ కాదని తేలింది.

మరి H, L ఎలా నింపారు? వాళ్ళు కొత్తగా సర్వే చేయలేదు. 1970ల నాటి అమెరికా, కెనడా ఇంటింటి సర్వేల్లో, వివరాలు రాసుకోవడానికి వెళ్ళిన మనిషి ఎదుటివారి రూపాన్ని కూడా ఐదు మెట్ల మీద గుర్తుపెట్టాడు: అద్భుతంగా ఉన్నారు, బాగున్నారు, సగటు, అంతంతమాత్రం, అసలు బాగోలేరు. 'ఆ వయసుకి, ఆడా మగా అన్నదాన్ని బట్టి' చూసి చెప్పమన్న మాట ఆ స్కేలులోనే ఉంది. మీ ఫారంలో ఆ మాట పెట్టకపోతే 45 ఏళ్ళ సీనియర్‌ని 20 ఏళ్ళ పిల్లతో పోల్చి మార్కులు వేస్తారు, అప్పుడు మీ అందం గుణకంలో సగం వయసే ఉంటుంది. పైన, కింద ఉన్న చివరి మెట్లలో మనుషులు చాలా తక్కువ పడతారు కాబట్టి పై రెంటినీ కలిపి H అని, కింది రెంటినీ కలిపి L అని చేశారు. మీ 60 మందితో ఐదు డమ్మీలు పెడితే కింది మెట్టులో ఒక్కరు కూడా మిగలకపోవచ్చు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది. రేటింగ్ ఇచ్చిన మనిషి ఎదుటివారి ఇంట్లో కూర్చుని, వాళ్ళ సోఫా చూసి, బట్టలు చూసి, జీతం ఎంతో కూడా విని, ఆ తర్వాత అందం గురించి టిక్కు పెట్టాడు. జీతం బాగున్నవాడు నలిగిన చొక్కా వేసుకోడు, పళ్ళు బాగు చేయించుకుంటాడు, నిద్ర సరిగ్గా పోతాడు. అంటే అందం వల్ల జీతమా, జీతం వల్ల అందమా అన్నది కలగాపులగమైపోయింది. మీరే షోరూముకి వెళ్ళి, అమ్మాయితో మాట్లాడి, జీతం రాసుకుని, ఆ పక్కనే మార్కు కూడా వేస్తే ఇదే లోపం మీ ప్రాజెక్టులోకి వస్తుంది. గైడు మొదట అడిగే ప్రశ్న ఇదే అవుతుంది.

దీనికి విరుగుడుగా అదే జంట 1998లో లాయర్ల మీద చేసిన పని చూడండి. ఒక పేరున్న లా స్కూల్లో చేరినప్పుడు తీసిన ఫోటోలు తీసుకుని, ఆ మనుషుల గురించి ఏమీ తెలియని వాళ్ళ చేత మార్కులు వేయించి, ఏళ్ళ తర్వాతి సంపాదనతో కలిపారు. ఫోటో ముందు, సంపాదన తర్వాత కాబట్టి జీతం ముఖాన్ని మార్చిందన్న వాదన నిలబడదు. రూపం మెరుగ్గా ఉన్న లాయర్లకి సంపాదన ఎక్కువే వచ్చింది, అనుభవం పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరిగింది. కాలంతో పాటు పెరగడం ఆసక్తికరమైన విషయం. అందం ఇంటర్వ్యూ రోజు మాత్రమే పనిచేసేదైతే, మనిషి పని తెలిశాక తేడా కరిగిపోవాలి కదా.

మీ విషయంలో పాత ఫోటోలు దొరకవు. కాబట్టి కనీసం ఫోటో తీసే మనిషి, మార్కు వేసే మనిషి, జీతం అడిగే మనిషి వేర్వేరుగా ఉండాలి. ఫోటోలన్నీ ఒకే గోడ ముందు, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, నవ్వకుండా తీయించండి. షోరూములు యూనిఫాం చీరలు ఇస్తాయి, అది ఒక రకంగా మేలే. కానీ ఆరు షాపులకి ఆరు రకాల చీరలుంటాయి, చీర చూస్తే ఏ షాపో నెల్లూరులో ఎవరైనా చెప్పేస్తారు. అందుకని మెడ వరకే కత్తిరించండి. మార్కులు వేసేవాళ్ళు ఆ షాపుల్లో కొనుక్కునేవాళ్ళు కాకుండా ఉంటే మంచిది. ఒంగోలులో తెలిసిన కాలేజీ ఉంటే అక్కడి విద్యార్థుల్ని అడగండి, సగం మంది ఆడపిల్లలు, సగం మంది మగపిల్లలు ఉండేలా చూసుకోండి. ఒక్కొక్కరికి ఫోటోలు వేరే వేరే వరుసలో చూపించండి, లేకపోతే మొదటి పది ఫోటోలకి మార్కులు జాగ్రత్తగా వేసి, చివరి పదికి విసుగుతో వేసేస్తారు.

మార్కుల్ని నేరుగా కూడి సగటు తీయవద్దు. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. మొదటి న్యాయనిర్ణేత పిసినారి: సగటు 4, ప్రామాణిక విచలనం 1. రెండోవాడు ధారాళం: సగటు 7, విచలనం 2. ఒక అమ్మాయికి వీళ్ళు 5, 7 ఇచ్చారు. ఇంకో అమ్మాయికి 4, 9 ఇచ్చారు. నేరుగా సగటు తీస్తే మొదటి అమ్మాయికి 6, రెండో అమ్మాయికి 6.5. కానీ ఒక్కొక్కరి మార్కులోంచి వాళ్ళ సొంత సగటు తీసేసి, సొంత విచలనంతో భాగిస్తే మొదటి అమ్మాయికి +1, 0. రెండో అమ్మాయికి 0, +1. ఇద్దరూ సమానమే. చేయి ధారాళమైనవాడు విచలనం ఎక్కువ కావడం వల్ల ఫలితాన్ని తనవైపు లాగేశాడు, అంతే.

న్యాయనిర్ణేతలు ఎంతమంది ఉండాలన్నది అభిరుచి ప్రశ్న కాదు, లెక్క ప్రశ్న. ఇద్దరేసి న్యాయనిర్ణేతల మార్కుల మధ్య సహసంబంధం సగటున 0.5 ఉందనుకోండి. నలుగురి సగటు ఎంత నమ్మదగినదో స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం చెబుతుంది.

```
R = k*r / (1 + (k-1)*r) = 4*0.5 / (1 + 3*0.5) = 0.8
```

ఒక్కరే వేస్తే 0.5, నలుగురు వేస్తే 0.8. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, మార్కులో గందరగోళం ఉన్నకొద్దీ గుణకం సున్నా వైపు కుంగిపోతుంది. ప్రామాణికం చేసిన మార్కుతో నడిపితే అది √R మేరకు తగ్గుతుంది. అసలు ప్రభావం 0.06 అయితే నలుగురితో 0.054గా, ఒక్కరితో 0.042గా కనిపిస్తుంది. 'మా ఊళ్ళో అందానికి ప్రభావం లేదు' అని తేల్చిన ప్రాజెక్టుల్లో మార్కులు ఒక్కరే వేసి ఉంటే, ఆ తీర్పును ఊరి మీద కాకుండా మార్కుల మీద ఇచ్చినట్టు చదవాలి.

ఇప్పుడు మీ 60 మంది సంగతి. కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవి, సర్వే చేసి తెచ్చినవి కావు. చదువు, అనుభవం లెక్కలోకి తీసుకున్నాక లాగ్ జీతంలో మిగిలే విచలనం 0.30 అనుకుందాం. అప్పుడు అందం గుణకానికి ప్రామాణిక దోషం సుమారు 0.30/√60, అంటే 0.039. కనిపించబోయే గుణకం 0.054. భాగిస్తే t విలువ 1.4 కూడా రాదు. ప్రభావం నిజంగా ఉన్నా మీరు 'లేదు' అనే రాయాల్సి వస్తుంది. ఐదింట నాలుగుసార్లు పట్టుబడాలంటే గుణకం దోషానికి 2.8 రెట్లు ఉండాలి. దానికి సుమారు 245 మంది కావాలి. మార్కులు ఒక్కరే వేస్తే 390 దాటుతుంది. ముగ్గురు న్యాయనిర్ణేతల్ని అదనంగా కూర్చోబెట్టడం 150 మంది దగ్గరికి అదనంగా తిరగడం కంటే తేలికైన పని కాబట్టి ముందు అది చేయండి.

245 మంది దొరకకపోతే ఇంకో దారి ఉంది. జీతాల్లో తేడా ఎక్కువగా షాపుకీ షాపుకీ మధ్యే ఉంటుంది. షాపు డమ్మీలు పెడితే మిగిలే విచలనం 0.15కి దిగొచ్చనుకుందాం. దోషం 0.019 అవుతుంది, t విలువ 2.8 దగ్గరికి వస్తుంది. అదే 60 మంది చాలు. ఇది చూసి సంతోషపడే ముందు రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఒకే షాపులో ఉన్న అమ్మాయిలు ఊరంతటితో పోలిస్తే ఒకరికొకరు దగ్గరగా ఉంటారు, ఎందుకంటే షాపు యజమాని ఒక రకం వాళ్ళనే ఏరుకుంటాడు. షాపు లోపల అందం విచలనం 1 కాకుండా 0.8 అయితే దోషం 0.024కి పెరిగి t విలువ 2.2కి పడిపోతుంది. అప్పటికీ గట్టెక్కుతారు కానీ ఒడ్డు దగ్గరే.

రెండోది దీనికంటే లోతైనది. షాపు డమ్మీ పెట్టగానే ప్రశ్నే మారిపోతుంది. అందమైన అమ్మాయి మంచి జీతమిచ్చే పెద్ద షాపులో చేరగలగడం, అక్కడ కూడా మామూలు నూలు చీరల దగ్గర కాకుండా ఇన్సెంటివ్ ఎక్కువుండే పట్టుచీరల సెక్షన్‌లో నిలబడగలగడం, ఇవన్నీ అందం తెచ్చిన లాభంలో భాగాలే. షాపుకి డమ్మీ, సెక్షన్‌కి డమ్మీ, 'ఆత్మవిశ్వాసం' మార్కు అన్నీ పెట్టేసి మిగిలిన చిన్న గుణకాన్ని చూపించి 'ఇదే అందం విలువ' అనడం పాలు తీసేసి టీ రుచి చెప్పడం లాంటిది. అందుకని మూడు రిగ్రెషన్లు పక్కపక్కన వేయండి: మొదటిది వయసు, చదువు, అనుభవంతో, రెండోదానికి షాపు డమ్మీలు కలిపి, మూడోదానికి సెక్షన్ కూడా కలిపి. గుణకం మొదటిదాన్నుంచి మూడోదానికి ఎంత తగ్గిందో, అంత ప్రభావం షాపూ సెక్షనూ దొరకడం ద్వారా వచ్చిందని అర్థం. నా దృష్టిలో మీ ప్రాజెక్టులో ఆ తగ్గుదలే అన్నిటికంటే విలువైన ఫలితం.

జీతం అడిగేటప్పుడు మూల జీతం, ఇన్సెంటివ్, ఓవర్‌టైం విడివిడిగా రాసుకోండి. మూల జీతం యజమాని నిర్ణయం. ఇన్సెంటివ్ కొనుగోలుదారు నిర్ణయం. ప్రభావం మూల జీతంలో కనిపించి ఇన్సెంటివ్‌లో కనిపించకపోతే యజమాని ఇష్టం పనిచేస్తోంది. ఇన్సెంటివ్‌లో కనిపిస్తే కౌంటర్ అవతల ఉన్నవాళ్ళ ఇష్టం పనిచేస్తోంది. పెళ్ళిళ్ళ నెలలు, దసరా, సంక్రాంతి ఇన్సెంటివ్‌ని ఊపేస్తాయి కాబట్టి ఒక్క నెల కాకుండా కనీసం ఆరు నెలలది అడగండి.

పద్ధతిని మీ డేటా మీద నడపడానికి ముందు, ఫలితం తెలిసిన డేటా మీద చేయి తిప్పుకోవడం మంచిది. హామర్‌మెష్, ఏమీ పార్కర్ 2005లో టెక్సస్ యూనివర్సిటీ అధ్యాపకుల మీద చేసిన పని డేటా R లో ఉచితంగా దొరుకుతుంది. ఇది జీతం కాదు, విద్యార్థులు అధ్యాపకులకి ఇచ్చిన మార్కు. అయినా మీరు చేయబోయే ప్రతి అడుగూ ఇందులో ఉంది: ఆరుగురు న్యాయనిర్ణేతలు, ఫోటోలు, ప్రామాణికం చేసిన సగటు.

```r
library(AER)
data("TeachingRatings")
m <- lm(eval ~ beauty + gender + minority + native +
          tenure + division + credits,
        data = TeachingRatings, weights = students)
coeftest(m, vcov = vcovCL, cluster = ~ prof)
```

beauty గుణకం 0.275 వస్తుంది. ఆ కలిపిన మార్కుకి విచలనం సుమారు 0.83. కాబట్టి సగటుకి ఒక విచలనం కింద ఉన్నవాడి నుంచి ఒక విచలనం పైన ఉన్నవాడికి వెళ్తే 2 × 0.83 × 0.275, అంటే 0.46 మార్కు తేడా, ఐదుకి. చివరి వరుసలో cluster = ~ prof ఎందుకంటే డేటాలో 463 కోర్సులున్నా ముఖాలు 94 మాత్రమే. ఒకే ముఖాన్ని ఐదుసార్లు లెక్కపెట్టి ఐదుగురు అనుకుంటే దోషం తప్పుగా చిన్నదైపోతుంది. మీరు ఆరు నెలల ఇన్సెంటివ్‌ని ఆరు వరుసలుగా పెడితే మీకూ అదే జరుగుతుంది.

ఇక ఏ ఉద్యోగాలు అన్న ప్రశ్న. ఉద్యోగం పేరుని బట్టి జాబితా తయారు చేస్తే తప్పుదోవ పడతారు. 1994 పేపర్ కూడా ఉద్యోగాల్ని 'రూపం అవసరమైనవి, కానివి' అని విభజించి చూసింది. అందమైనవాళ్ళు మొదటి రకం వైపు కొంత మొగ్గుతున్నట్టు కనిపించినా, జీతంలో తేడా రెండు రకాల్లోనూ ఉన్నట్టు తేలింది. దాంతో ఇది యజమానుల వివక్షేనని చాలామంది రాసేశారు.

ఆ అభిప్రాయాన్ని 2019లో టాడ్ స్టైన్‌బ్రిక్నర్, రాల్ఫ్ స్టైన్‌బ్రిక్నర్, సలివన్ కలిసి రాసిన పేపర్ తిరగదోడింది. కెంటకీలోని బెరియా కాలేజీ పట్టభద్రుల్ని ఏళ్ళ తరబడి వెంటాడి, ఉద్యోగం పేరు కాకుండా, ఆ ఉద్యోగంలో మనుషులతో గడిపే సమయం ఎంత, సమాచారంతో గడిపేది ఎంత, వస్తువులతో ఎంత అని అడిగారు. మనుషులతో వ్యవహరించే పని ఎక్కువున్న ఉద్యోగాల్లో అందానికి గట్టి అదనం కనిపించింది. సమాచారంతో కుస్తీ పట్టే ఉద్యోగాల్లో కనిపించలేదు. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది: యజమాని తన కంటికి ఇంపు కోసమే ఎక్కువ ఇస్తుంటే గదిలో కూర్చుని లెక్కలు రాసేవాళ్ళకి కూడా ఇవ్వాలి కదా, వాళ్ళూ ఆయన కళ్ళ ముందే ఉంటారు. ఇవ్వట్లేదంటే, అందం వల్ల ఆ పనిలో ఏదో రాబడి వస్తోందన్నమాట.

దీన్ని మన వైపు తెచ్చి చూడండి. ఒకే షోరూములో పట్టుచీరల కౌంటర్ దగ్గరి అమ్మాయి, పైఅంతస్తులో బిల్లులు టాలీలో ఎక్కించే అమ్మాయి, గోడౌన్‌లో బేళ్ళు విప్పి స్టిక్కర్లు వేసే అమ్మాయి ఉంటారు. ముగ్గురి ఉద్యోగమూ 'బట్టల షాపు'. కానీ మొదటిది మనుషుల పని, రెండోది సమాచారం పని, మూడోది వస్తువుల పని. ప్రభావం మొదటిదాంట్లో వెతకాలి. అలాగే ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌కీ, అదే ఆసుపత్రి ల్యాబుకీ తేడా ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ కంపెనీలో విదేశీ కొనుగోలుదారుకి పలకలు చూపించే మార్కెటింగ్ మనిషికీ, కోత మిషన్ నడిపేవాడికీ తేడా ఉంటుంది. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే చేతికి ముఖంతో పనిలేదు, స్పూను నునుపే మాట్లాడుతుంది. మీకు ఇష్టమైతే మీ ఫారంలో 'నిన్నటి పనిరోజులో ఎన్ని గంటలు కస్టమర్లతో గడిపారు' అన్న ప్రశ్న చేర్చి, దాన్ని అందంతో గుణించి ఒక చలరాశి చేసుకోండి. కానీ ఒక హెచ్చరిక: రెండు గుంపుల గుణకాల మధ్య తేడాని పట్టుకోవడానికి ఒక గుంపులో గుణకాన్ని పట్టుకోవడానికంటే చాలా ఎక్కువ మంది కావాలి. పైన అనుకున్న అంకెలతోనే, తేడా 0.06 అయితే గుంపుకి 490 మంది. మీ 60 మందితో ఆ ప్రశ్న జోలికి వెళ్ళవద్దు, సేల్స్ వాళ్ళకే పరిమితం కండి.

ఉద్యోగాల వరుస అడిగారు కాబట్టి, ఆధారం గట్టిగా ఉన్నవి చెబుతాను. లాయర్లలో సొంత ప్రాక్టీసు, ప్రైవేటు సంస్థల్లో ఉన్నవాళ్ళు ప్రభుత్వ లాయర్ల కంటే రూపంలో మెరుగ్గా ఉన్నారు, సొంతంగా ప్రాక్టీసు చేసేవాళ్ళకీ ఆ అదనం వచ్చింది. తనకి తాను యజమాని అయినవాడి విషయంలో యజమాని వివక్ష అనలేం, కక్షిదారుల ఇష్టమే అక్కడ పనిచేస్తోంది. నెదర్లాండ్స్ ప్రకటనల సంస్థల మీద 2000లో వచ్చిన అధ్యయనంలో, అధికారుల రూపం బాగున్న సంస్థల రాబడి ఎక్కువగా ఉంది. ఆ పెరుగుదల వాళ్ళకి అదనంగా దక్కే జీతం కంటే పెద్దది, అంటే అందం తెచ్చినదంతా అందగాడి జేబులోకే పోలేదు. అమ్మకాలు, ప్రకటనలు, ప్రైవేటు వకీలు వృత్తి పై వరుసలో; బోధన మధ్యలో; లెక్కలు, డేటా, యంత్రాల పనులు కింది వరుసలో.

కానీ అందం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవద్దు. ఇజ్రాయెల్‌లో రఫుల్, ష్టుడినర్ 2,656 ఉద్యోగ ప్రకటనలకి జంటలుగా దరఖాస్తులు పంపారు. ప్రతి జంటలో ఒకదానికి ఫోటో ఉంది, ఒకదానికి లేదు. అందగాడి ఫోటో ఉన్న దరఖాస్తులకి 19.9 శాతం పిలుపులు వచ్చాయి, మామూలు ముఖానికి 13.7, ఫోటో లేనివాటికి 9.2. ఆడవాళ్ళ విషయంలో తలకిందులైంది: ఫోటో లేనివాటికి 16.6, మామూలు ముఖానికి 13.6, అందమైన ముఖానికి 12.8. అర్జెంటీనాలో ఇలాంటి ప్రయోగంలోనే అందమైన ముఖాలకి పిలుపులు 36 శాతం ఎక్కువ వచ్చాయి. ఒక దేశపు అంకెని ఇంకో దేశానికి అతికించకూడదని చెప్పడానికి ఈ రెండు చాలు. ఈ దరఖాస్తుల పద్ధతి మీరు ప్రయత్నించవద్దు. నెల్లూరు లాంటి ఊళ్ళో యజమానులు ఒకరికొకరు తెలిసినవాళ్ళే, దొంగ దరఖాస్తు రెండో రోజుకే బయటపడుతుంది, నైతిక అనుమతి కూడా ఎం.ఏ. ప్రాజెక్టుకి దొరకదు.

అందం లోపల ఏముందన్నదానికి మోబియస్, రోజెన్‌బ్లాట్ 2006లో అర్జెంటీనా విద్యార్థులతో చేసిన ప్రయోగం మంచి జవాబు. పని, చిక్కుదారి బొమ్మల్లో దారి కనుక్కోవడం. ముఖానికీ దానికీ సంబంధం లేదు, అందమైనవాళ్ళు ఎక్కువ పరిష్కరించలేదు కూడా. అయినా 'యజమానులు'గా కూర్చున్నవాళ్ళు వాళ్ళకి ఎక్కువ వేతనం రాశారు. కొందరు యజమానులకి ఫోటో, కొందరికి ఫోన్లో గొంతు, కొందరికి ముఖాముఖి ఇచ్చి విడగొడితే, ఆ అదనంలో 15 నుంచి 20 శాతం ఆత్మవిశ్వాసం వల్ల, మిగతాది దాదాపు సమానంగా చూపు వల్లా మాట వల్లా వచ్చింది. ముఖం చూడకుండా ఫోన్లో విన్నా అదనం దక్కింది! చిన్నప్పటి నుంచి బాగున్నావని విన్నవాళ్ళు మాట్లాడే తీరే వేరు కాబోలు. కాబట్టి మీ 60 మందిలో ఫోటో మార్కు కొలిచేది ముఖాన్ని మాత్రమే, కౌంటర్ దగ్గరి మాటతీరు అందులో లేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, విదేశీ పేపర్లలో ఇది కనపడదు. 'అందం' అని అడిగితే చాలామంది మేని రంగుకి మార్కులు వేస్తారు. రంగు వెనక కులం, ఎండలో పని చేసిన కుటుంబమా కాదా అన్నవన్నీ వస్తాయి. చేతి లోపలి వైపు, అంటే ఎండ తక్కువ పడే చోట, రంగుని ఒకే రంగుల కార్డుతో పోల్చి విడిగా రాసుకోండి. రిగ్రెషన్‌ని రంగు లేకుండా ఒకసారి, కలిపి ఒకసారి వేయండి. రంగు చేర్చగానే అందం గుణకం సగానికి పడిపోతే మీరు కొలిచింది ముఖ సౌష్ఠవాన్ని కాదని రాసేయండి, దాచవద్దు. తల్లిదండ్రుల చదువు కూడా అడగండి. ఫోటోలకి పేర్లు కాకుండా నంబర్లు ఇవ్వండి, మార్కులు వేయడం అయిపోగానే చెరిపేస్తామని ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఎవరికి ఎంత మార్కు వచ్చిందో షాపు యజమానికి మాత్రం తెలియనివ్వవద్దు.

గుణకాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు లాగ్ సంగతి మరచిపోవద్దు. 0.06 అంటే exp(0.06) - 1, అంటే 6.2 శాతం. 12,000 జీతం మీద ఒక విచలనం అందానికి నెలకి 740 రూపాయల చిల్లర. చిన్న గుణకాలకి తేడా కనిపించదు కానీ 0.20 వస్తే అది 20 కాదు, 22 శాతం.

చివరగా ఆ అమ్మాయిలు అడిగిన ప్రశ్న. హామర్‌మెష్, మెంగ్, ఝాంగ్ 2002లో షాంఘై ఆడవాళ్ళ మీద సరిగ్గా ఇదే కొలిచారు. బట్టలకీ, సౌందర్య సాధనాలకీ అదనంగా పెట్టే ప్రతి వంద యువాన్లకి జీతంలో తిరిగొచ్చేది గరిష్ఠంగా 15 మాత్రమే. ఖర్చు పెరిగేకొద్దీ ప్రభావం తగ్గుతూ పోయింది కూడా. అది షాంఘై అంకె, ట్రంకు రోడ్డుది కాదు. అయితే ఇంకో మాట కలపాలి: 2016లో వాంగ్, పెన్నర్ అమెరికా డేటాలో చూస్తే, అందంగా ఉన్న ఆడవాళ్ళకి వచ్చే అదనంలో ఎక్కువ భాగం శుభ్రంగా, చక్కగా తయారై ఉండటంతోనే వివరించబడింది. తల దువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సరిగ్గా పెట్టుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. నెలకి వెయ్యి రూపాయల క్రీములు వేరు. షాపు నియమం ప్రకారం మేకప్ తప్పనిసరై, దాని ఖర్చు జీతంలోంచి కోస్తుంటే మాత్రం, ఆ కోతని జీతంలోంచి తీసేసిన అంకెనే W గా వాడండి. లేకపోతే ఆ షాపు వాళ్ళ జీతం లేనంత ఎక్కువగా కనిపిస్తుంది, అందం గుణకం కూడా దాంతోపాటే పెరుగుతుంది.